ఎత్తని ఫోను, ఇవ్వని జవాబు: ఈ భయం ఎలా పెరుగుతుంది, ఎలా తగ్గుతుంది

ఫోను మోగుతుంది. తెరపై కనిపించేది తెలిసిన పేరే. మనిషి మంచివాడే, చెప్పబోయేది కూడా బహుశా మామూలు విషయమే. అయినా చెయ్యి ముందుకు వెళ్లదు. మోత ఆగేదాకా దానివైపే చూస్తూ కూర్చుని, ఆగాక ఊపిరి తీసుకునేవారు మన చుట్టూ చాలామందే ఉన్నారు. నలుగురిలో చక్కగా మాట్లాడే మనిషి దంతవైద్యుడి క్లినిక్కుకు ఫోను చేసి సమయం అడగలేక, ఆటో ఎక్కి స్వయంగా వెళ్లి అడిగి వస్తాడు. అమ్మ తరఫు బంధువులు పంపిన మెసేజీలు వారాల తరబడి చదవకుండా ఉండిపోతాయి. ఇంట్లోవాళ్లు దీన్ని పొగరు అనో, బద్ధకం అనో, ‘ఈ కాలం పిల్లలు అంతే’ అనో తేల్చేస్తారు. బద్ధకస్తుడు ఎత్తని ఫోను గురించి రాత్రంతా ఆలోచిస్తూ పడుకోడు కదా.

ఈ భయాన్ని పోషించేది ఫోను కాల్ కాదు, కాల్ తప్పించుకున్న మరుక్షణం కలిగే హాయి. దాన్ని తగ్గించే పద్ధతి మొత్తం ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది. అయితే అక్కడికి వెళ్లేముందు, ఫోనులో మాట్లాడటం నిజంగానే కొంత కష్టమైన పని అని ఒప్పుకోవాలి.

గొంతు ఒక్కటే మిగిలినప్పుడు

మాటల మధ్య మనం ఇచ్చే విరామం ఆశ్చర్యపోయేంత చిన్నది. 2009లో పది భాషల సంభాషణలను పోల్చి చూసినప్పుడు, ఒకరు మాట ఆపాక మరొకరు అందుకోవడానికి పట్టే సమయం సగటున సెకనులో అయిదో వంతు దగ్గర తేలింది. ఒక మాటను వెతుక్కుని నోటిదాకా తెచ్చుకోవడానికే దాదాపు అందుకు మూడింతల సమయం కావాలి. అంటే అవతలివారు మాట్లాడుతుండగానే మనం జవాబు తయారు చేసుకుంటున్నాం, వారు ఎక్కడ ఆపుతారో ముందుగానే అంచనా వేస్తున్నాం. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు చూపు, తల ఊపడం, పెదవుల కదలిక ఈ అంచనాకు సాయపడతాయి. ఫోనులో అవేవీ లేవు.

దీనికి తోడు సిగ్నల్ ఆలస్యం. గొంతు ఒకవైపు నుంచి మరోవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సూచిస్తుంది. డాలస్‌లో ఉన్న అన్నయ్యతో వాట్సాప్‌లో మాట్లాడేటప్పుడు ఈ హద్దు తేలికగా దాటిపోవచ్చు. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టడం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం, ‘చెప్పు చెప్పు’, ‘లేదు, నువ్వే చెప్పు’ అనుకోవడం ఇక్కడి నుంచే వస్తాయి. జర్మనీలో కొందరు పరిశోధకులు కాల్‌లో కావాలనే ఆలస్యాన్ని ప్రవేశపెట్టి చూశారు. 2014లో వెలువడిన వారి ఫలితాల ప్రకారం, సెకనుకు కాస్త మించిన ఆలస్యం ఉన్నా అవతలి మనిషికి శ్రద్ధ లేదనో, స్నేహభావం తక్కువనో శ్రోతలు అనుకున్నారు. తప్పు నెట్‌వర్కుది, మాట పడింది మనిషికి. భయం ఉన్నవారైతే ఆ మాట తమకు తామే అనుకుంటారు: ‘నేను చెప్పింది నచ్చలేదు, అందుకే ఆగారు.’

డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే మనస్తత్వవేత్తలు 1995లో సామాజిక ఆందోళనను వివరించిన తీరు ఇక్కడ బాగా పనికొస్తుంది. భయపడే మనిషి దృష్టి అవతలివారి మీద ఉండదు, తన మీదే ఉంటుంది. నా గొంతు వణుకుతోందా, ఎక్కువ మాట్లాడానా, ఇప్పుడు ఏమనాలి అని లోపల వేరే వ్యాఖ్యానం నడుస్తుంటుంది. దాంతో అవతలివారు చెప్పింది సగం వినపడదు, వినపడకపోవడం వల్ల జవాబు తడబడుతుంది, తడబాటు చూసి భయం ఇంకా పెరుగుతుంది. కాల్ అయ్యాక మరో విచారణ మొదలవుతుంది. ‘ఆ మాట ఎందుకన్నాను’ అని గంటసేపు తవ్వుకుంటారు. అలా తవ్వినప్పుడు దొరికే జ్ఞాపకం నిజంగా జరిగిన కాల్ కాదు, భయం చెప్పిన కాల్.

తప్పించుకున్న హాయి

ఇప్పుడు ఆ హాయి సంగతి. ఫోను మోగినప్పుడు గుండె వేగం పెరిగింది, అరచేతులు చెమర్చాయి. ఎత్తలేదు. మోత ఆగింది. శరీరం వెంటనే నెమ్మదించింది. ఈ వరసలో మెదడు నేర్చుకునే పాఠం చాలా స్పష్టం: ఎత్తకపోవడం వల్ల బతికిపోయాం. ఎత్తి ఉంటే ఏమయ్యేదో తెలుసుకునే అవకాశం దానికి ఎప్పటికీ రాదు. 1947లోనే హోబార్ట్ మౌరర్ అనే మనస్తత్వవేత్త భయానికి రెండు అంచెలు చూపాడు. మొదటిది భయం ఏదో ఒక అనుభవంతో అంటుకోవడం, రెండోది తప్పించుకోవడంలోని ఊరట ఆ భయాన్ని ఆరనివ్వకపోవడం. మొదటి అంచె చాలామందికి గుర్తు కూడా ఉండదు. పైఅధికారి ఫోనులో అరిచిన రోజు కావచ్చు, అర్ధరాత్రి మోగిన ఫోను చావు వార్త తెచ్చిన రోజు కావచ్చు, ఏమీ లేకపోనూ వచ్చు. రెండో అంచె మాత్రం ప్రతిరోజూ కళ్లముందే జరుగుతుంది. మనం చెయ్యి పెట్టగలిగింది దానిమీదే.

ఒక మినహాయింపు చెప్పాలి. తెలియని నంబరు ఎత్తకపోవడం జబ్బేమీ కాదు. మన దేశంలో రోజూ వచ్చే ప్రచార కాల్స్, పోలీసులమని బెదిరించే మోసాలు చూస్తే ఆ మాత్రం జాగ్రత్త ఉండాల్సిందే. వ్యాపార ప్రచారానికి 140తో మొదలయ్యే నంబర్లు, బ్యాంకులూ ఆర్థిక సంస్థల సేవా కాల్స్‌కు 1600తో మొదలయ్యేవి కేటాయించారు. డబ్బు పోయే మోసం జరిగితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. ఇది జాగ్రత్త. పార్సిల్ తెచ్చే కుర్రాడు ఫోను చేస్తాడని తెలిసి, ఉదయం నుంచి ఫోనును సోఫా దిండు కింద పెట్టడం మాత్రం జాగ్రత్త కాదు. ఈ రెండింటి తేడా తెలుసుకోవడానికి ఒక ప్రశ్న చాలు: ఎవరు చేశారో, ఎందుకు చేశారో తెలిశాక కూడా భయం అలాగే ఉందా?

జవాబు క్షమాపణగా మారే రోజు

మెసేజీల భయం కాల్స్ భయానికి తోబుట్టువే కానీ, నడిచే దారి వేరు. కాల్ భయం ఆ క్షణానిది. మెసేజీ భయం కాలంతో పెరుగుతుంది. మొదటిరోజు జవాబు ఒక్క వాక్యం. మూడోరోజుకు దానికి ‘ఆలస్యమైంది’ అన్న మాట కలపాలి. రెండో వారానికి ఎందుకు ఆలస్యమైందో చెప్పాలి, ఆ కారణం నమ్మేలా ఉండాలి. నెల దాటాక ఇక అది జవాబు కాదు, క్షమాపణ పత్రం. వడ్డీ అసలును దాటిపోయిన అప్పులాగా, రాయాల్సిన విషయం చిన్నదే అయినా తీర్చాల్సింది కొండంత కనిపిస్తుంది. ఇచ్చేటప్పుడు ఇంత ఆలస్యానికి తగ్గ మంచి జవాబు ఇవ్వాలని కూడా అనిపిస్తుంది. ఆ మంచి జవాబు కోసం తీరిక కావాలి. ఆ తీరిక ఎప్పుడూ రాదు.

2014 నవంబరులో వాట్సాప్ నీలి టిక్కులు తెచ్చాక దీనికి కొత్త పదును వచ్చింది. చదివినట్టు అవతలివారికి తెలిసిపోతుందన్న బెంగతో చాలామంది తెరవడమే మానేశారు. పైనున్న నోటిఫికేషన్లో కనిపించినంత మేరకు చదివి, మిగతాది ఊహించుకుంటారు. ఊహ ఎప్పుడూ మంచివైపు పోదు కదా. సెట్టింగుల్లో నీలి టిక్కులు ఆపేసుకోవచ్చు. తాత్కాలికంగా అది ఊరటే. కానీ గ్రూపుల్లో అది పనిచేయదు, పైగా తెరవకుండా దాచుకునే అలవాటును అది ముట్టుకోదు.

నిజానికి అవతలివారు మనం అనుకున్నంత గడియారం పట్టుకుని కూర్చోరు. లారా జర్జ్, వనెస్సా బోన్స్ 2021లో ప్రచురించిన పరిశోధనలో తేలింది ఇదే. పని వేళలు కానప్పుడు వచ్చిన, తొందర లేని ఈమెయిళ్లకు ఎంత త్వరగా జవాబివ్వాలన్న విషయంలో, పంపినవారి ఆశ కంటే అందుకున్నవారి ఊహే ఎక్కువ తొందర పడుతుంది. అదే ఏడాది అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ మరో సంగతి చూపించారు. చాలాకాలంగా మాటల్లేని స్నేహితుడిని మళ్లీ పలకరించాలంటే ఫోనులో ఇబ్బందిగా ఉంటుందని, ఈమెయిల్ నయమని చాలామంది అనుకున్నారు. తీరా చేశాక, ఫోను చేసినవారికి ఎక్కువ దగ్గరితనం కలిగింది, ఇబ్బంది మాత్రం ఈమెయిల్ రాసినవారికంటే ఎక్కువ ఏమీ లేదు. ఈ పరిశోధనలు జరిగింది పాశ్చాత్య దేశాల్లో. మన బంధుత్వాల్లో ‘ఫోను కూడా చేయలేదు’ అనే నిష్ఠూరానికి ఉన్న బరువు వాటిలో కొలవలేదు. అయినా ఆ నిష్ఠూరం ఎలా ముగుస్తుందో గుర్తుచేసుకోండి. ‘ఇన్నాళ్లకు గుర్తొచ్చామా’ అని ఒక మాట, ఆ వెంటనే ‘భోంచేశావా’ అని ఇంకో మాట.

ఒక ఉదాహరణ, మొదటి నుంచి

ఇలాంటి వారందరి అనుభవాలనూ కలిపి ఒక మనిషిని ఊహించుకుందాం. ఇరవై ఏడేళ్ల అమ్మాయి, సొంతూరు తెనాలి, ఉద్యోగం హైదరాబాద్‌లో. మూడు వారాల కింద మేనత్త మెసేజీ పెట్టింది: ‘మీ బావ పెళ్లికి ముహూర్తం పెట్టుకున్నాం అమ్మా. నువ్వు ఎప్పుడు వస్తావో చెబితే గదులు చూస్తాం.’ సెలవు ఖాయం అయ్యాక చెబుదాం అనుకుంది. ఖాయం కాలేదు. తరువాత అత్తయ్య రెండుసార్లు ఫోను చేసింది, ఎత్తలేదు. ఇప్పుడు అత్తయ్య పేరు తెరపై కనిపిస్తేనే కడుపులో తిప్పినట్టు ఉంటోంది.

ఆమె నేరుగా అత్తయ్యకు ఫోను చేయాలా? చేయగలిగితే మంచిదే. కానీ ఈ స్థితిలో ఉన్నవారికి ‘ఏముంది, ఒక్కసారి చేసెయ్’ అన్న సలహా చాలాసార్లు పనిచేయదు. ముందు మెసేజీ తేల్చాలి, ఎందుకంటే కాల్‌ను అంత బరువుగా చేసింది తేలని ఆ మెసేజీయే.

ఆమె మొదట రాసుకున్న చిత్తుప్రతి పన్నెండు వాక్యాలుంది. ఆఫీసులో పని, ఆరోగ్యం బాగాలేకపోవడం, ఫోను పాడవడం అన్నీ అందులో ఉన్నాయి. అలాంటి జవాబు మూడు చిక్కులు తెస్తుంది. రాయడానికి గంట పడుతుంది కాబట్టి పంపడం మళ్లీ వాయిదా పడుతుంది. సాకులు ఎక్కువైన కొద్దీ అవతలివారికి అనుమానం వస్తుంది. ‘అయ్యో, ఆరోగ్యం ఎలా ఉంది’ అని అడిగితే మళ్లీ జవాబివ్వాలి. కుదించాక మిగిలింది ఇది: ‘అత్తయ్యా, ముహూర్తం కుదిరినందుకు చాలా సంతోషం. ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. సెలవు ఇంకా చేతికి రాలేదు. శుక్రవారం ఫోను చేసి, ఏ సంగతీ చెబుతాను.’

ఇందులో క్షమాపణ ఒక్క వాక్యమే, కారణం లేదు. అసలు విషయం తెలియకపోయినా, తెలియదన్న మాటే జవాబుగా వెళ్లింది. చాలా మెసేజీలు ఆగిపోయేది ఇక్కడే. పూర్తి సమాధానం చేతిలో లేదు కాబట్టి ఏ సమాధానమూ ఇవ్వరు. ‘చూశాను, రేపటికల్లా చెబుతాను’ అన్నది కూడా పూర్తి జవాబే. అయితే రేపు నిజంగా చెప్పగలిగితేనే ఆ మాట అనాలి, లేకపోతే పాత అప్పు మీద కొత్తది చేరుతుంది.

ఇక శుక్రవారం వరకు ఆమె చేసే సాధన. జోసెఫ్ వోల్పే అనే మానసిక వైద్యుడు 1950లలో భయాల చికిత్సకు వాడిన మెట్ల పద్ధతి ఇది, తక్కువ భయం నుంచి ఎక్కువ భయం వైపు ఒక్కో మెట్టే ఎక్కడం. అసలు భయం లేకపోతే సున్నా, ఊహించగలిగిన అత్యంత భయం వంద అనుకుని, రకరకాల కాల్స్‌కు ఆమె అంకెలు వేసుకుంది. గ్యాస్ బుకింగ్ నంబరుకు చేసి రికార్డు గొంతు వినడం పదిహేను. వీధిలోని మందుల షాపుకు చేసి సమయం అడగడం ముప్పై అయిదు. ముందుగా చెప్పి స్నేహితురాలికి చేయడం నలభై. దంతవైద్యుడి క్లినిక్కు యాభై అయిదు. ఆఫీసులో పక్క బల్లల వాళ్లు వింటుండగా ఒక కాల్ చేయడం డెబ్బై. అత్తయ్య ఎనభై అయిదు. ఆఫీసు కాల్ క్లినిక్కు కంటే పైన ఉండటం గమనించండి. ఆమెకు అవతలి గొంతు కంటే పక్కనున్న చెవులే ఎక్కువ భయం. ఎవరి మెట్లు వారివి, ఎవరో తయారుచేసిన జాబితా పనికిరాదు.

మందుల షాపు కాల్ ఎలా జరిగిందో చూద్దాం. చేసేముందు ఒక కాగితం మీద రాసుకుంది: ‘విసుక్కుంటాడు, డెబ్బై శాతం ఖాయం. నాకు మాట తడబడుతుంది, తొంభై శాతం. తడబడితే ఫోను పెట్టేస్తాడు, అరవై శాతం.’ ‘భయంగా ఉంటుంది’ అని రాసుకుంటే లాభం లేదు, భయం ఎలాగూ ఉంటుంది. జరిగిందో లేదో తరువాత చూసి చెప్పగలిగే మాటలే రాయాలి.

‘హలో, మెడి... మెడికల్ షాపేనా అండీ?’

‘ఆఁ, చెప్పండి.’

‘రాత్రి ఎన్నింటిదాకా తెరిచి ఉంటారు?’

‘పదిన్నర దాకా ఉంటామమ్మా.’

‘సరేనండీ, థాంక్స్.’

అంతే, పావు నిమిషం. కాగితం మళ్లీ తీసి చూస్తే, తడబాటు జరిగింది. విసుగు లేదు. ఫోను పెట్టేయలేదు. ఆ తడబాటే ఇక్కడ విలువైనది. అది జరక్కపోయి ఉంటే ‘ఈసారికి అదృష్టం’ అనుకునేది. జరిగినా ఏమీ కాలేదని తెలిసింది కాబట్టి మెదడుకు కొత్త సమాచారం అందింది. ఈ తరహా సాధన మీద ఎంతో పనిచేసిన మనస్తత్వవేత్త మిషెల్ క్రాస్క్ చెప్పేది కూడా ఇదే. కాల్ మధ్యలో భయం తగ్గిందా లేదా అన్నది ముఖ్యం కాదు, అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య తేడా బయటపడిందా అన్నదే ముఖ్యం. గుండె దడతోనే కాల్ ముగిసినా ఆ కాల్ వృథా కాదు.

ఒక మెట్టు మీద ఒక్కసారి నిలబడి దిగిపోతే చాలదు. ఒకే రకం కాల్‌ను దగ్గరదగ్గర రోజుల్లో, వేర్వేరు చోట్లకు చేయాలి: ఒక పుస్తకాల షాపు, ఒక టైలరు, ఒక మెస్సు. ఎక్కడో ఒకచోట నిజంగానే ఎవరో కసురుకుంటారు. ‘ఎందుకండీ, వస్తారా రారా?’ అని అడిగేవాడు దొరుకుతాడు. ఆ రోజు కాస్త బాధగా ఉంటుంది, రాత్రికి మరిచిపోతారు. భయం చెప్పే కథలో ఆ మరిచిపోవడం ఉండదు. తొలి మెట్లు కాస్త అలవాటయ్యాక కావాలనే చిన్న పొరపాటు చేయమని కూడా చికిత్సకులు చెబుతారు. సరిగానే వినపడినా ‘వినపడలేదండీ, మళ్లీ చెప్పండి’ అనడం, జవాబిచ్చేముందు రెండు సెకన్లు ఊరికే ఆగడం లాంటివి. తప్పించుకుంటూ వచ్చిన మౌనాన్ని మన చేత్తో మనమే పెట్టి చూశాక, దానికి అంత బలం లేదని తెలుస్తుంది.

శుక్రవారం అత్తయ్య కాల్. మొదట్లోనే ‘అత్తయ్యా, ఓ పది నిమిషాలే తీరిక ఉంది, మీటింగుకు వెళ్లాలి’ అనడం మేలు, అదీ నిజంగా మీటింగు ఉన్నప్పుడే. ఫోను భయం ఉన్న చాలామందికి మొదలుపెట్టడం కంటే ముగించడం కష్టం. ఎలా పెట్టేయాలో తెలియకే ఎత్తరు. కాల్ ముగింపు ఒక్క మాటతో జరగదని, దానికి ముందు ఇద్దరూ కలిసి సిద్ధమయ్యే ఒక మజిలీ ఉంటుందని షెగ్లాఫ్, సాక్స్ అనే సమాజ శాస్త్రజ్ఞులు 1973లోనే చూపించారు. తెలుగులో ఆ మజిలీ మనకు చిన్నప్పటి నుంచి చెవిన పడుతున్నదే: ‘సరే మరి’, ‘ఇంకేం సంగతులు’, ‘మామయ్యను అడిగానని చెప్పండి’, ‘ఉంటాను అత్తయ్యా.’ ‘సరే మరి’ అన్నాక కూడా అవతలివారు కొత్త విషయం ఎత్తడం మామూలే. అది విని, మళ్లీ ఒకసారి ‘సరే మరి’ అంటే అమర్యాద ఏమీ కాదు. అత్తయ్య మొదట ‘అంత పెద్దదానివైపోయావా’ అని దెప్పిపొడవవచ్చు. దానికి వివరణ అక్కర్లేదు, ‘నిజమే అత్తయ్యా, చేయాల్సింది’ అని ఊరుకుంటే చాలు. వివరణ మొదలుపెడితే పది నిమిషాలూ దానికే పోతాయి, గదుల సంగతి అలాగే ఉండిపోతుంది.

ఎక్కడ బెడిసికొడుతుంది

పైకి సాధనలాగే కనిపించి లోపల తప్పించుకోవడమే అయిన పనులు కొన్ని ఉన్నాయి. ఎత్తరని తెలిసిన వేళ చూసి ఫోను చేసి, ‘చేశాను, మీరే ఎత్తలేదు’ అనడం వాటిలో మొదటిది. మాట్లాడాల్సిన ప్రతి వాక్యాన్నీ కాగితం మీద రాసుకుని చదవడం మరొకటి. మొదటి ఒకటి రెండు కాల్స్‌కు మూడు ముక్కలు రాసుకోవచ్చు: నేనెవరు, ఏం కావాలి, ఎలా ముగించాలి. అంతకు మించితే, కాల్ బాగా జరిగిన ఘనత కాగితానికి పోతుంది, మీకు దక్కదు. రికార్డు చేసి చెరిపి, మళ్లీ రికార్డు చేసి పంపే వాయిస్ మెసేజీలు కూడా ఇదే కోవలోకి వస్తాయి.

తేడా పట్టుకునే గుర్తు ఒకటుంది. పని అయ్యాక లోపల వచ్చే మాట ‘హమ్మయ్య, గండం గడిచింది’ అయితే ఏదో ఒక రక్షణ మిగిలి ఉంది. ‘ఇంతేనా, అనుకున్నట్టు జరగలేదే’ అయితే నేర్చుకోవడం జరిగింది.

పేరుకున్న మెసేజీల దగ్గర జరిగే పొరపాటు వేరు. ఆదివారం కూర్చుని అన్నీ తేల్చేస్తానని శపథం పడతారు. నలభై మందికి జవాబిస్తే సాయంత్రానికి ముప్పై మంది తిరిగి రాస్తారు, సోమవారం మళ్లీ మొదటికి వస్తుంది. రోజూ ఒకే వేళకు పావుగంట పెట్టుకుని, ముందు ఆరోజు వచ్చిన కొత్త మెసేజీలకు, మిగిలిన సమయంలో పాతవాటిలో ఒకటి రెండింటికి జవాబివ్వడం నిలబడే పద్ధతి. కొత్తవి ముందు ఎందుకంటే, వాటికి ఇంకా క్షమాపణ అక్కర్లేదు. పాతవాటిలో కొన్నింటికి అసలు జవాబే అక్కర్లేదు. పండగ శుభాకాంక్షలు, ఎప్పుడో అయిపోయిన ఫంక్షను పిలుపు, గ్రూపులో అందరికీ పెట్టిన ప్రశ్న లాంటివాటిని తెరిచి, చదివి, వదిలేయవచ్చు. వదిలేయాలని తేల్చుకోవడం కూడా తేల్చడమే. చదవకుండా పక్కన పెట్టడం మాత్రం కాదు.

ఇది భయం కాకపోతే

మెట్ల సాధన అన్నింటికీ మందు కాదు. ఒకప్పుడు ఇష్టంగా మాట్లాడినవారు ఈమధ్య ఎవరితోనూ మాట్లాడలేక, నిద్రా ఆకలీ తగ్గి, ఏ పనిలోనూ ఆసక్తి లేకుండా ఉంటే అది కుంగుబాటు కావచ్చు. అక్కడ అడ్డుపడేది భయం కాదు, సత్తువ లేకపోవడం. చూసిన మెసేజీ నిమిషంలో మరిచిపోయి, గుర్తొచ్చినప్పుడు గిలగిలలాడే మనిషికి కావాల్సింది ధైర్యం కాదు, గుర్తుచేసే ఏర్పాటు. వినికిడి లోపం, నత్తి ఉన్నవారు ఫోనుకు బదులు రాతను ఎంచుకోవడం తప్పించుకోవడం కింద లెక్కకట్టకూడదు. అప్పు యాప్‌ల వసూలుదారులు వేధిస్తుంటేనో, విడిపోయిన మనిషి బెదిరిస్తుంటేనో ఫోను చూసి భయపడటం సబబే. అక్కడ చేయాల్సింది సాధన కాదు, ఫిర్యాదు.

ఆరునెలలకు పైగా ఇలాగే ఉండి, ఫోనులోనే కాక మనుషుల ముందు తినడం, మాట్లాడటం, సంతకం పెట్టడం కూడా కష్టమై, ఉద్యోగమో చదువో దెబ్బతింటుంటే దాన్ని సామాజిక ఆందోళన రుగ్మతగా వైద్యులు చూస్తారు. దానికి ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఉంది, అవసరమైతే మందులు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ 14416 నంబరులో ఉచితంగా తెలుగులో కూడా దొరుకుతుంది. ఫోను భయానికి సాయం అడగాలంటే ఫోనే చేయాలి, ఆ విడ్డూరం ఎలాగూ ఉంది. అందుకే తొలి కాల్ అక్కో, స్నేహితుడో పక్కన కూర్చుని కలపవచ్చు. లేదా హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాల, దగ్గర్లోని పెద్దాసుపత్రి మానసిక విభాగంలో ఓపీ చీటీ తీసుకుని నేరుగా వెళ్లవచ్చు.

చివరగా ఫోను చేసేవారి వైపు నుంచి ఒక మాట. ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే ‘ఒకసారి ఫోన్ చెయ్’ అని మాత్రం మెసేజీ పెట్టకండి. విషయం లేని ఆ మూడు మాటలకు వాళ్లు ఊహించుకునేవి ఆసుపత్రి, ప్రమాదం, తగాదా. ‘గ్యాస్ పాసుబుక్కు ఎక్కడ పెట్టావో అడుగుదామని, తీరిక చూసుకుని చెయ్’ అని రాయండి. వాళ్లు చేసినప్పుడు ‘అబ్బో, ఎన్నాళ్లకు’ అనే మాటను మింగేసి, పాసుబుక్కు సంగతే మాట్లాడండి.